గంటకు మూడు వందలంటే ఏడాదికి ఎంత?

*సార్, నాకు రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఇక్కడే తిరుపతిలో, నెలకు 50 వేలు, సెలవులకు కోత లేదు. ఇంకోటి బెంగళూరు కంపెనీది, ఇంటి నుంచే పని, గంటకు 300, రోజుకు 8 గంటలు, శని ఆదివారాలు సెలవు. పని చేయని రోజుకు డబ్బులు రావు. షీట్స్‌లో 300×40×52 కొడితే 6,24,000 వచ్చింది. అంటే నెలకు 52 వేలు. 2026 జనవరి నుంచి దీంట్లోనే చేరనా?*
*– కొర్లగుంట, తిరుపతి*

ఆ 52 దగ్గరే ఆగండి. 52 వారాలూ ఒక్క రోజు కూడా మానకుండా పని చేస్తేనే ఆ 6,24,000 వస్తుంది. నెట్‌లో దొరికే జీతం కాలిక్యులేటర్లు చాలావరకు చేసేదీ ఇదే, ఏడాదికి 2,080 గంటలని పెట్టుకుని గుణించేస్తాయి. నెల జీతగాడికి దాంతో ఇబ్బంది లేదు, సంక్రాంతికీ జీతం పడుతుంది కాబట్టి. మీకు పడదు.

ముందు కంపెనీ దగ్గర 2026 సెలవుల లిస్టు అడిగి తీసుకోండి. అందులో పది సెలవులు ఉన్నాయనుకుందాం. చాలామంది 260 లోంచి ఆ పదీ తీసేస్తారు, అదీ తప్పే. ఆగస్టు 15 శనివారం వచ్చింది, బెంగళూరు వాళ్ల లిస్టులో ఉండే కన్నడ రాజ్యోత్సవం, అంటే నవంబర్ 1, ఆదివారం. ఆ రోజుల్లో మీకు ఎలాగూ పని లేదు, మళ్లీ తీసేస్తే రెండుసార్లు కోసినట్టు. ఈ గొడవ లేకుండా షీట్స్‌లో సెలవు తేదీలను A2 నుంచి A11 వరకు రాసి, B1లో ఇది పెట్టండి:

```
=NETWORKDAYS.INTL(DATE(2026,1,1),DATE(2026,12,31),1,A2:A11)
```

మధ్యలో ఉన్న 1 అంటే శని, ఆదివారాలు సెలవని. ఆదివారం ఒక్కటే సెలవైతే అక్కడ 11 పెట్టాలి. 2026లో సోమవారం నుంచి శుక్రవారం దాకా లెక్కేస్తే 261 రోజులు, వాటిలో పడే సెలవులు ఎనిమిది పోతే 253 రావాలి.

తేదీలు రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. మీ షీటు అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 26/01/2026 అని కొట్టినది తేదీగా కాక మామూలు అక్షరాల్లా ఎడమ వైపుకు అతుక్కుని కనిపిస్తుంది, అది వెంటనే తెలిసిపోతుంది. 02/10/2026 అలా కాదు, గాంధీ జయంతిని చప్పుడు చేయకుండా ఫిబ్రవరి 10 చేసేస్తుంది. రెండూ పనిరోజులే కాబట్టి ఏడాది మొత్తం సరిగ్గానే కనిపిస్తుంది, ఫిబ్రవరి, అక్టోబర్ లెక్కలే తారుమారవుతాయి. File మెనూలో Settings లోకి వెళ్లి Locale దగ్గర India ఎంచుకున్నాకే తేదీలు కొట్టండి.

ఇప్పుడు B2లో మీ సొంత సెలవులు. భోగి, కనుమ, గంగమ్మ జాతర బెంగళూరు లిస్టులో ఉంటాయని ఆశపడకండి. అవి, జ్వరాలు, పెళ్లిళ్లు, కరెంటో నెట్టో పోయి కూర్చున్న రోజులు అన్నీ కలిపి 15 వేసుకుందాం, ఇది కూడా పొదుపుగా వేసిన లెక్కే. పనిరోజులు మాత్రమే లెక్కపెట్టండి, పది రోజులు ఊరెళ్తే అందులో శని ఆదివారాలు తీసేయాలి. B3లో గంటలు 8, B4లో రేటు 300:

```
=(B1-B2)*B3*B4
```

238 రోజులు, 1,904 గంటలు, 5,71,200 రూపాయలు. నెలకు 47,600. తిరుపతి ఆఫర్ ఏడాదికి ఆరు లక్షలు, అదే ఎక్కువ.

పైగా ఆ 47,600 కూడా సగటే. జనవరిలో పనిరోజులు 22. లిస్టులో ఉండే సంక్రాంతి, రిపబ్లిక్ డే, మీరు పెట్టే భోగి, కనుమ పోతే 18, చేతికొచ్చేది 43,200. జూలైలో 23 రోజులూ పని చేస్తే 55,200. ఇంటి అద్దె, ఈఎంఐ మాత్రం రెండు నెలల్లోనూ ఒక్కటే, అసలు టెన్షన్ అక్కడే.

ఎంత రేటు అడగాలో తేల్చుకోవడానికి ఇంకో గడిలో ఇది కొట్టండి:

```
=600000/((B1-B2)*B3)
```

315 వస్తుంది. అది తిరుపతి జీతంతో సమానం అవడానికే. అక్కడ కంపెనీ తన వాటా పీఎఫ్‌ను 50 వేలకు పైన విడిగా కడుతుంటే ఏడాదికి కట్టే ఆ మొత్తాన్ని ఆరు లక్షలకు కలిపి మళ్లీ భాగించండి, రేటు ఇంకా పెరుగుతుంది. నేనైతే 340కి తక్కువ ఒప్పుకోను. ఇంకో సంగతి, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా లాగిన్‌లో ఉండమని, భోజనం గంట తీసేసి 8 గంటలకే బిల్లు వేస్తారేమో, లేక 9కీ ఇస్తారేమో సంతకం పెట్టకముందే మెయిల్‌లో రాయించుకోండి. 9కి ఇస్తే B3 మార్చండి, లెక్క మొత్తం మీ వైపుకు తిరుగుతుంది: 6,42,600.