రెండుసార్లు తీసేసిన పదకొండు వారాలు

ప్రశ్న: మా బాబు 32 వారాలకే పుట్టాడు. ఇప్పుడు ఎనిమిది నెలలు. ఇంకా ఆసరా లేకుండా కూర్చోవడం లేదు. సవరించిన వయసు ప్రకారం చూడాలని డాక్టరు గారు అన్నారు. ఎంత తీసేయాలి? ఇలా ఎన్నాళ్ళు తీసేస్తూ పోవాలి?

ఎనిమిది వారాలు తీసేయండి. నిండు గర్భం 40 వారాలు, అందులో 32 పోతే మిగిలేది ఎనిమిది. మీ బాబు పుట్టి సుమారు 35 వారాలైంది కాబట్టి అతని సవరించిన వయసు 27 వారాలు, అంటే ఆరు నెలలు దాటి కొద్ది రోజులు. ఆ వయసు బిడ్డ ఆసరా లేకుండా కూర్చోకపోతే కంగారు పడనక్కరలేదు. నిండు నెలలకు పుట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ కొందరు తొమ్మిది నెలల దాకా కూర్చోరు. ఇక ఎన్నాళ్ళు అంటే, ఎక్కువ మంది డాక్టర్లు రెండేళ్ళు నిండేవరకు సవరిస్తారు. మరీ ముందుగా, 28 వారాల లోపు పుట్టినవాళ్ళకు కొందరు మూడేళ్ళ దాకా కొనసాగిస్తారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2004లో ఇచ్చిన సూచనలో కూడా మూడేళ్ళ వరకు అనే ఉంది.

తీసివేత తెలిసిన ఇంట్లోనే తీసివేత తప్పింది. ఆ కథ చెబుతాను.

మా పాప నవంబరు 3న పుట్టింది. డాక్టర్లు ఇచ్చిన కాన్పు తేదీ జనవరి 19. మధ్యలో సరిగ్గా 77 రోజులు, పదకొండు వారాలు. అంటే 29 వారాలకు పుట్టిందన్నమాట. మా అత్తగారి లెక్క వేరు. "ఏడో నెలలో పుట్టింది, తొమ్మిదిలో ఏడు పోతే రెండు, రెండు నెలలు తీసేస్తే సరి" అనేవారు. చాలా ఇళ్ళలో ఇదే లెక్క నడుస్తుంది, ఇందులోనే రెండు వారాలకు పైగా మాయమవుతాయి. ఏడో నెల అంటే ఏడు నెలలు నిండడం కాదు, ఆరు నిండి ఏడు నడవడం. పైగా 40 వారాలంటే తొమ్మిది నెలలకు ఇంకొన్ని రోజులు ఎక్కువే. నెలలతో లెక్క వేయకండి. వారాలతో వేయండి, లేదా కాన్పు తేదీ దగ్గర పెట్టుకుని అక్కడి నుంచి వయసు లెక్కపెట్టండి. నాకు రెండోదే తేలిక. మా పాపకు మేము పెట్టుకున్న ఇంకో పుట్టినరోజు జనవరి 19.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట కూడా ఆ రోజుల్లో కనీసం పదిమంది నాకు చెప్పారు. ధైర్యం చెప్పాలనే అన్నారు, నిజమే. కానీ అది శుద్ధ అబద్ధం. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు లాభమే, ఎనిమిదో నెలకు ప్రత్యేకంగా శాపమేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పాపకు పుట్టిన తేదీ నుంచి పది నెలలు నిండినప్పుడు పరీక్షకు తీసుకెళ్ళాను. పేరు చెప్పను కానీ పెద్ద ఆసుపత్రే. ఎప్పుడూ చూసే డాక్టరు సెలవులో ఉండి వేరొకరు చూశారు. "ఎన్ని నెలలు?" అని అడిగారు. నాకు లెక్క బాగా వంటబట్టింది కదా, గొప్పగా "ఏడున్నర" అన్నాను. అది సవరించిన వయసని చెప్పలేదు. ఆయన ఫైలు తెరిచారు, 29 వారాలని చూశారు, తన వంతుగా మళ్ళీ పదకొండు వారాలు తీసేశారు. ఐదు నెలలు వచ్చింది. పాపను బల్ల మీద కూర్చోబెట్టారు, అది పక్కకు ఒరిగిపోయింది. "ఐదు నెలలకు ఇంతే అమ్మా, బాగుంది" అన్నారు. బరువు కూడా ఐదు నెలల బిడ్డ గీత మీద చుక్క పెట్టి చూస్తే ముచ్చటగా ఉంది. నేను సంతోషంగా ఇంటికొచ్చి అందరికీ ఫోన్లు చేశాను.

తప్పు ఆయనదా, నాదా అంటే ఇద్దరిదీ. అయితే నిమిషానికొకరిని చూసి పంపే చోట పుట్టిన తేదీ అడిగే తీరిక ఎవరికుంటుంది? టోకెను నంబరు మాత్రం మూడుసార్లు అడిగారు.

రెండు నెలల తరువాత, మొదటి పుట్టినరోజు వారంలో, మా పాత డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆవిడ వయసు అడగలేదు. పుట్టిన తేదీ, కాన్పు తేదీ రెండూ చెప్పమని కాగితం మీద తనే లెక్క వేశారు: 52లో 11 పోతే 41 వారాలు, అంటే తొమ్మిదిన్నర నెలలు. పాప ఇంకా నిలకడగా కూర్చోవడం లేదు. అప్పుడావిడ పాప చంకల కింద చేతులు పెట్టి నిలబెట్టారు. పాదాలు ఆనలేదు, మునివేళ్ళ మీద నిలబడింది, కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదకు ఒకటి వచ్చాయి. నేను అది ఇంట్లో ఎన్నోసార్లు చూశాను. డాన్సు చేస్తోందని వీడియో కూడా తీశాను.

"ఎన్ని వారాలు తీసేసినా ఇది మామూలు కాదు" అన్నారావిడ. నాకు ఇప్పటికీ గుర్తున్న మాట అదే. వారాలు తీసేయడమనేది ఆలస్యానికి మాత్రమే జవాబు చెబుతుంది. పిల్ల ఎప్పుడు కూర్చుంటుంది, ఎప్పుడు పాకుతుంది అనే దానికి పనికొస్తుంది. ఒళ్ళు బిగుసుకుపోవడం, నెలలు గడిచినా గుప్పిళ్ళు విప్పకపోవడం, ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని వదిలేయడం, ఇవి ఏ వయసులోనైనా చూపించవలసినవే. సవరించిన వయసు ఎంతో తేలేదాకా వీటి కోసం ఆగకూడదు. మీ బాబు విషయంలోనూ ఎప్పుడు కూర్చుంటాడో ఎదురుచూసే కంటే, బట్టలు మార్చేటప్పుడు తొడలు విడదీయడానికి కష్టంగా ఉందా, రెండు చేతులతోనూ బొమ్మ అందుకుంటున్నాడా అని చూడండి.

మాకు ఫిజియోథెరపీ మొదలైంది. వారానికి రెండు రోజులు అక్కడ, మిగతా రోజులు ఇంట్లో నేనే. ఏడున్నర నెలలప్పుడు ఆ కాళ్ళను ఎవరైనా చూసి ఉంటే రెండు నెలలు ముందే మొదలయ్యేది. ఏడున్నరకు కూర్చోకపోవడం పెద్ద వింతేమీ కాదు, కానీ ఐదు అనుకోవడం వల్ల ఆ తరువాతి పరీక్షే జరగలేదు. పాప మే నెలాఖరులో నడిచింది, పుట్టిన తేదీ నుంచి పందొమ్మిది నెలలకు. ఏడాదిన్నర దాటి నడిచిందని మా చుట్టాలు ఇప్పటికీ అంటారు. సవరించిన వయసు పదహారు నెలలే, అది మామూలు హద్దుల్లోనే ఉంది. అడుగులకు అరిసెలు కదా, మా అమ్మ మండుటెండల్లో చెమటలు కక్కుతూ పాకం పట్టింది.

అన్నప్రాశన దగ్గర కూడా గొడవే అయింది. ఆడపిల్లకు బేసి నెల కాబట్టి ఐదో నెలలో అన్నారు మా అత్తగారు. అప్పటికి పాప సవరించిన వయసు రెండు నెలలు, మెడ కూడా నిలవలేదు. 34 వారాల లోపు పుట్టిన పిల్లల మీద ఢిల్లీలో మూడు ఆసుపత్రులలో ఒక పరిశోధన జరిగింది, 2017లో ప్రచురించారు. సవరించిన నాలుగు నెలలకే ఘనాహారం మొదలుపెట్టిన పిల్లలు, ఆరు నెలలకు మొదలుపెట్టినవాళ్ళ కంటే ఏడాదికల్లా ఎక్కువేమీ పెరగలేదు. పైగా ఆసుపత్రిలో చేరడం మాత్రం వాళ్ళలోనే ఎక్కువ. ఇవన్నీ చెబితే మా అత్తగారు వింటారా? చివరికి దారి చూపించింది పంతులుగారు. "తొమ్మిదో నెల కూడా బేసే కదమ్మా, ఆషాఢం పోగానే చేద్దాం" అన్నారు. చూస్తే సవరించిన ఆరు నెలలు నిండేది కూడా సరిగ్గా ఆ తొమ్మిదో నెలలోనే. శాస్త్రమూ డాక్టరూ ఒకే వారంలో కలిశారు.

దేనికి తీసేయకూడదో కూడా తెలియాలి. టీకాలకు వారాలు తీసేయరు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు పుట్టిన తేదీ నుంచే. చిన్నగా ఉంది, బరువు పెరిగాక రమ్మని మమ్మల్ని ఒకచోట వెనక్కి పంపారు. నెల పోయింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కోరింత దగ్గు లాంటివి వస్తే మరీ ప్రమాదం, వాళ్ళకే ముందు వేయాలి. రెటీనా పరీక్ష కూడా అంతే. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు ఉన్నా పుట్టిన నెల లోపే కంటి డాక్టరు చూడాలి, మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే. మీ బాబుకు ఆ పరీక్ష జరిగిందో లేదో ఫైలులో వెతకండి.

రెండేళ్ళకు ఎందుకు ఆపుతారంటే, ఆ వారాల బరువు తగ్గిపోతుంది. మా పాపకు నాలుగు నెలలప్పుడు పదకొండు వారాలంటే దాని జీవితంలో మూడింట రెండు వంతులు. రెండేళ్ళప్పుడు పదో వంతు. ఐదేళ్ళకు ఇరవైలో ఒక వంతు కూడా ఉండదు. అయితే ఆపిన రోజున పిల్ల ఉన్నట్టుండి వెనకబడినట్టు కనిపిస్తుంది, ఇది ముందే తెలుసుకోండి. రెండో పుట్టినరోజుకు మా పాప రెండు మాటలు కలిపి మాట్లాడటం లేదు. ఇరవై ఒకటిన్నర నెలల పిల్ల అనుకుంటే ఇంకా కొంత సమయముంది, ఇరవై నాలుగు అనుకుంటే ఆలస్యం. రెండు వయసుల ప్రకారమూ చూసి రాయమని మా డాక్టరమ్మను అడిగాను. ఆవిడ రాశారు, మూడు నెలలు ఆగి మళ్ళీ చూశారు. ఈలోపు "అమ్మా రా", "పాలు వద్దు" వచ్చేశాయి. ఒకవేళ రాకపోయి ఉంటే అక్కడితో తీసివేత ఆపి, ఆలస్యాన్ని ఆలస్యమనే పిలిచి, మాటల చికిత్సకు పంపేవారు. మూడేళ్ళు దాటినా నెలలు తక్కువ బిడ్డ కదా అని సర్దుకుపోయే ఇళ్ళను కూడా చూశాను. వాళ్ళ మీద నాకు మహా కోపం.

మీ బాబుకు ఇంకో రెండున్నర, మూడు నెలలు సమయముంది. అప్పటికీ కూర్చోకపోతే చూపించండి. ఒళ్ళు బిగుతుగా అనిపిస్తే మాత్రం ఈ వారమే వెళ్ళండి. వయసు ఎంతని అడిగితే నెలలు చెప్పకండి, పుట్టిన తేదీ, కాన్పు తేదీ చెప్పి ఊరుకోండి. మా ఫైలు అట్ట మీద ఆ రెండు తేదీలూ ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను, ఇప్పటికీ అలాగే ఉన్నాయి.