వ్యూ ఫ్యాక్టర్ చార్ట్‌లు వదిలేయొచ్చా? గేట్, ఇస్రో అనుకుంటున్న మెకానికల్ స్టూడెంట్‌కి జవాబు

ప్రశ్న: సార్, నేను బీటెక్ మెకానికల్ థర్డ్ ఇయర్, కాకినాడ జేఎన్‌టీయూ కింద కాలేజీ. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో వ్యూ ఫ్యాక్టర్ చార్ట్‌లు చూస్తే తల తిరుగుతోంది. రెండు డిస్క్‌ల లెక్క ఫార్ములాతో చేస్తే 0.76 వచ్చింది, చార్ట్‌లో చూస్తే 0.47. గేట్ రాయాలి, ఇస్రో కూడా ట్రై చేద్దామని ఉంది. ఈ టాపిక్ వదిలేయొచ్చా?

జవాబు: గేట్ ఒక్కటే అయితే చార్ట్ వదిలేయ్ తమ్ముడూ, ఏం పర్లేదు. అక్కడ డేటా బుక్ ఇవ్వరు, స్క్రీన్ మీద వర్చువల్ కాలిక్యులేటర్ ఒక్కటే ఉంటుంది, కాబట్టి చార్ట్ చూసి చదవాల్సిన లెక్క రాదు. మామూలుగా F12 వాళ్లే ఇచ్చేసి మిగతావి సమ్మేషన్, రెసిప్రోసిటీతో నిన్ను తీయమంటారు. సెమిస్టర్ పేపర్ మీద డేటా బుక్ వాడుకోవచ్చు అని ఉంటే మాత్రం చార్ట్ పనికొస్తుంది. ఇస్రో సంగతి కింద చెప్తా, ముందు నీ 0.76 ఎక్కడ్నుంచి వచ్చిందో చూద్దాం ఎందుకంటే ఆ తప్పు చాలామంది చేసేదే.

నువ్వు కొలతలు రాయలేదు గానీ నీ రెండు ఆన్సర్లు చూస్తే కింది డిస్క్ డయామీటర్ 0.4 మీటర్లు, పై డిస్క్ డయామీటర్ 0.8, మధ్య దూరం 0.4 అనే లెక్కలా ఉంది, కాకపోయినా అదే పెట్టుకుందాం. ఒకే అక్షం మీద ఎదురెదురుగా ఉన్న డిస్క్‌లకి ఫార్ములా ఇది:

```
R1 = r1/L,  R2 = r2/L
S = 1 + (1 + R2^2)/R1^2
F12 = 0.5*( S - sqrt(S^2 - 4*(r2/r1)^2) )
```

ఇందులో r అంటే రేడియస్. r1 = 0.2, r2 = 0.4, L = 0.4 కాబట్టి R1 = 0.5, R2 = 1. S = 1 + 2/0.25, అంటే 9. రూట్ లోపల 81 లోంచి 16 పోతే 65, దాని రూట్ 8.0623, 9 లోంచి అది తీసేసి సగం చేస్తే 0.469. చార్ట్ కరెక్టే. ఇప్పుడు అదే ఫార్ములాలో రేడియస్ బదులు డయామీటర్ వేసి చూడు, R1 = 1, R2 = 2 అవుతాయి, S = 6, ఆన్సర్ 0.764. నీకొచ్చింది అదే! ప్రశ్నల్లో డయామీటర్ ఇస్తారు, ఫార్ములా రేడియస్ అడుగుతుంది, తొందరలో కన్ను జారిపోతుంది. రెండు డిస్క్‌లూ బ్లాక్ బాడీలు, ఒకటి 1000 K, ఇంకోటి 500 K అనుకుంటే వాటి మధ్య వెళ్లే హీట్ నిజానికి 3.13 కిలోవాట్లు, నీ 0.764 తో 5.1 కిలోవాట్లు వస్తుంది. డిజైన్‌లో అది చిన్న తేడా కాదు కదా.

చార్ట్ లేకుండా ఇలాంటి తప్పు పట్టుకోవడానికి ఒక చెక్ ఉంది, ఇది పుస్తకాల్లో ఎందుకో గట్టిగా చెప్పరు. కింది డిస్క్ మీద అన్నిటికంటే బాగా పై డిస్క్‌ని చూసేది దాని సెంటర్ పాయింట్. ఆ ఒక్క పాయింట్‌కి వ్యూ ఫ్యాక్టర్ r2²/(r2² + L²), మన లెక్కలో 0.16/0.32 అంటే సరిగ్గా 0.5. అంచు వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది కాబట్టి డిస్క్ మొత్తం మీద సగటు 0.5 దాటే ఛాన్సే లేదు. 0.469 వస్తే ఓకే, 0.764 వస్తే తప్పు అని పెన్ను పెట్టకుండానే చెప్పేయొచ్చు. రెండో చెక్ రెసిప్రోసిటీ, పై డిస్క్ నుంచి కిందికి F21 = 0.469 ని ఏరియాల నిష్పత్తి 1/4 తో గుణిస్తే 0.117, ఫార్ములాలో 1, 2 తారుమారు చేసి మళ్లీ చేసినా 0.117 రావాలి. ఒక మాట, డయామీటర్ వేసిన తప్పు ఈ రెండో చెక్‌కి దొరకదు, రెండు వైపులా ఒకేలా తప్పుతుంది కాబట్టి. అందుకే మొదటిది చెయ్యి.

రౌండింగ్ దగ్గర కూడా జాగ్రత్త. ఇందులో రెండు దగ్గరి నంబర్ల తేడా తీస్తున్నాం, 8.0623 ని 8.1 అని రాసేస్తే ఆన్సర్ 0.45 కి పడిపోతుంది. దూరం పెరిగితే ఇంకా ఘోరం. రేడియస్ 1, దూరం 10 ఉన్న రెండు సమాన డిస్క్‌లు తీసుకుంటే S = 102, రూట్ 101.9804, దాన్ని 102 అని రౌండ్ చేస్తే వ్యూ ఫ్యాక్టర్ సున్నా అయిపోతుంది, అసలుది 0.0098. అలాంటప్పుడు (r2/r1)²/S అని వేసుకో, 1/102 నేరుగా 0.0098 ఇస్తుంది, చార్ట్‌లో అంత కింద గీతలన్నీ అతుక్కుపోయి ఎలాగూ చదవలేం.

చార్ట్ వాడేటప్పుడు అడ్డం అక్షం మీద ఏముందో ముందు చదువు, కొన్ని పుస్తకాల్లో L/r1 ఉంటుంది, గీతల మీద r2/L ఉంటుంది, అంటే ఒకటి తలకిందులు. మన లెక్కకి అడ్డంగా 2, గీత 1. పైగా ఆ అక్షం లాగ్ స్కేల్, 2 కీ 4 కీ సరిగ్గా మధ్యలో ఉండేది 3 కాదు, 2.8. పరీక్షలో ఏ విలువ దగ్గర ఏ గీత చదివావో రాసి పెట్టు, రెండో డెసిమల్ అటూ ఇటూ అయినా దిద్దేవాళ్లకి నువ్వు ఎలా చేశావో కనిపిస్తుంది.

పర్పెండిక్యులర్ రెక్టాంగిల్స్ చార్ట్‌కి ఒకటే కండిషన్ గుర్తుంచుకో, రెండింటికీ ఒక అంచు కామన్‌గా, ఒకే పొడవుతో ఉండాలి. గోడ మీద కిటికీ నేల నుంచి కాస్త పైన ఉందనుకో, వెడల్పు గోడంతా ఉంటే, నేల నుంచి కిటికీ పై అంచు వరకు మొత్తానికి F చదివి, నేల నుంచి కిటికీ కింది అంచు వరకు ఉన్న భాగానికి F చదివి తీసేయాలి. ఈ తీసివేత పంపే వైపు నేల ఒక్కటే ఉన్నప్పుడే నేరుగా పనిచేస్తుంది, నేలని ముక్కలు చేయాల్సి వస్తే ఏరియాతో గుణించి చేయాలి.

గేట్ మోడల్ ఒకటి చేసి చూపిస్తా. ఎత్తూ రేడియస్సూ సమానంగా ఉన్న సిలిండర్ ఫర్నేస్, అడుగు 1, మూత 2, చుట్టూ గోడ 3. F12 = 0.382 ఇచ్చారు. అడుగు ఫ్లాట్ కాబట్టి తనని తాను చూడదు, F13 = 0.618. గోడ ఏరియా అడుక్కి రెండింతలు, కాబట్టి F31 = 0.309, F32 కూడా సిమెట్రీ వల్ల అంతే. గోడ వంపుగా ఉంది కాబట్టి తనని తాను చూసుకుంటుంది, F33 = 1 − 0.618 = 0.382. F33 సున్నా అని వేసేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఇక ఇస్రో. సైంటిస్ట్/ఇంజనీర్ ఎస్సీ పోస్టుకి మెకానికల్‌లో రిటన్ టెస్ట్ గానీ గేట్ స్కోర్ గానీ చూస్తారు, ఏదనేది ఆ నోటిఫికేషన్‌లో చూసుకో, తర్వాత ఇంటర్వ్యూ. బెంగళూరులో యూఆర్ రావు శాటిలైట్ సెంటర్‌లో శాటిలైట్ థర్మల్ పని నడుస్తుంది, పైన గాలి ఉండదు కాబట్టి శాటిలైట్ వేడిని బయటికి వదలడానికి రేడియేషన్ ఒక్కటే దారి, అక్కడ వ్యూ ఫ్యాక్టర్ రోజూ వాడేదే. చేత్తో చార్ట్ చూడరు, సాఫ్ట్‌వేర్ వేలకొద్దీ రేలు వదిలి లెక్కేస్తుంది. ప్రైవేట్‌లో ఫర్నేస్, ఎలక్ట్రానిక్స్ కూలింగ్ సిమ్యులేషన్ ఉద్యోగాలకైనా అంతే, ఫ్లూయెంట్‌లో S2S మోడల్ ఈ పనే చేస్తుంది. నీ దగ్గర చూసేది ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నంబర్ నమ్మొచ్చా లేదా చెప్పగలవా అని. కాలేజీ ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ ఉంటే ఒక ఖాళీ క్యూబ్ గీసి రన్ చెయ్. పక్క గోడకి 0.2000, ఎదురు గోడకి 0.1998 రావాలి, ఒక గోడ నుంచి మిగతా ఐదింటికీ కలిపితే 1. మొత్తం 0.8 దగ్గర ఆగిపోతే ఏదో గోడ మోడల్‌లో చేరలేదు లేదా దాని నార్మల్ బయటికి తిరిగి ఉంది, మొత్తం 1 వచ్చినా పక్క గోడకి 0.19, 0.21 అని ఊగుతుంటే రేలు తక్కువ పెట్టావు, పెంచి మళ్లీ రన్ చెయ్.