ఏ బియ్యం సంచి అగ్గువ? కిలో లెక్క ఇట్ల తీయాలె

అమెరికాకు కొత్తగ వచ్చిన మన వరంగల్, కరీంనగర్ పిల్లలు బియ్యం కొనేకాడ తరచుగ తప్పు లెక్క వేస్తరు. మన దిక్కు బస్తా అంటే 25 కిలోలు. ఇక్కడ ఇండియన్ స్టోర్‌ల సోనా మసూరి సంచి మీద పెద్దగ కనిపించే 20 కిలోలు కాదు, పౌండ్లు. దాని పక్కనే 5 కిలోల సంచి కూడా ఉండొచ్చు.

20 పౌండ్ల సంచి 21.99 డాలర్లు, 5 కిలోల సంచి 11.49 డాలర్లు అనుకుందాం. బియ్యం నాలుగింతలు, ధర రెండింతలే అనిపించి చెయ్యి పెద్ద సంచి మీదికే పోతది. నిజానికి ఒక పౌండు 0.4536 కిలో, అంటే 20 పౌండ్లకు 9.07 కిలోలే. సంచి కింద నెట్ వెయిట్ దగ్గర కిలోల అంకె కూడా అచ్చయి ఉంటది, దాన్నే తీసుకోండ్రి. ఫోన్‌ల ధరను కిలోలతోటి భాగిస్తే:

21.99 ÷ 9.07 = 2.42
11.49 ÷ 5 = 2.30

చిన్న సంచే కిలోకు 12 సెంట్లు అగ్గువ. ముందు ధరే కొట్టాలె, తర్వాత బరువు. తిరగేసి కిలోలను ధరతోటి భాగిస్తే 0.41, 0.44 వస్తయి. అవి డాలరుకు ఎన్ని కిలోలొస్తయో చెప్పే అంకెలు, అక్కడ ఎక్కువున్నదే మేలు. అది మర్చిపోయి తక్కువ అంకె చూసి తీసుకుంటే పిరం సంచి ఇంటికొస్తది.

పెద్ద సూపర్‌మార్కెట్లల షెల్ఫ్ చీటీ మీద యూనిట్ ధర రాసి ఉంటది. కాని ఒక చీటీ ఔన్సుకు, పక్క చీటీ పౌండుకు రాసి ఉంటే ఆ రెండు అంకెలను నేరుగ పోల్చొద్దు. ఔన్సు ధరను 16తోటి గుణిస్తే పౌండు ధర, పౌండు ధరను 2.2తోటి గుణిస్తే దాదాపు కిలో ధర. ఔన్సుకు 7 సెంట్లంటే పౌండుకు 1.12, కిలోకు 2.46 డాలర్లు. సేల్ ఉన్నప్పుడు చీటీ మీది యూనిట్ ధర పాతదే ఉండొచ్చు, కాబట్టి సేల్ ధరతోటి మళ్ల భాగించుకోండ్రి.

ఈ లెక్క ఒకే రకం బియ్యానికే పనికొస్తది. పాత సన్నబియ్యం ఒదుగు ఎక్కువ, అన్నం పొడిపొడిగ ఉంటది. కొత్త బియ్యం ముద్దయితది. రెండింటికీ కిలో ధర ఒక్కటే అయినా సరుకు ఒక్కటి కాదు.

పెద్ద సంచి సేల్‌ల 19.99కి వస్తే కిలో 2.20 పడ్తది. అప్పుడు అదే అగ్గువ, సంచి మొత్తం మీద 85 సెంట్ల దాకా మిగుల్తయి. కాని ఒక్కరే ఉండి, పురుగు పట్టి అరకిలో పారబోస్తే పోయేది 1.10 డాలర్లు. నలుగురు కలిసి వండుకునే రూమ్‌ల ఆ సంచి పురుగు పట్టకముందే అయిపోతది, వాళ్లు పెద్దదే తీసుకోవాలె.