బ్రేకు పళ్లెం అంటే డిస్కా, డ్రమ్మా?

సందేహం: ఐటీఐ పిల్లలు చదివే ఒక చిన్న పుస్తకానికి ఫోటోల కింద తెలుగు పేర్లు రాస్తున్నాను. ఒక ఫోటోలో కారు వెనక చక్రం ఊడదీసి ఉంది. మధ్యలో గుండ్రటి ఇనప వస్తువు, నాలుగు బోల్టులు, రెండు చిన్న రంధ్రాలు, వెనక ఒక రేకు కనిపిస్తున్నాయి. దానికి ‘బ్రేకు పళ్లెం’ అని రాశాను. ఇంకో ఫోటోలో నెలవంకల్లాంటి ముక్కలు రెండున్నాయి, వాటికి ‘డ్రమ్ బ్రేకు ప్యాడ్లు’ అని రాశాను. రెండూ సరైనవేనా? ఫోటోలు జతచేశాను.

సమాధానం: రెండూ మార్చాలండీ. మొదటి ఫోటోలో ఉన్నది డ్రమ్ము. రెండోదాంట్లో ఉన్నవి ప్యాడ్లు కావు, షూలు. అయితే ఆ రెండో ఫోటోలోని బండికి వెనక పక్క ఉన్నది డ్రమ్ బ్రేకు కూడా కాదు, డిస్క్ బ్రేకే. ఈ రెండోది కొంచెం చిక్కు విషయం కాబట్టి చివర్లో చెబుతాను.

ముందు ‘బ్రేకు పళ్లెం’ సంగతి. డిస్కు పళ్లెంలాగే ఉంటుంది, డ్రమ్ము వెనక ఉండే బ్యాక్ ప్లేటూ పళ్లెంలాగే ఉంటుంది, డిస్కు వెనక దుమ్ము పడకుండా పెట్టే రేకు కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. ఒక్క మాట మూడు వస్తువులకు సరిపోతే విద్యార్థి దేన్ని అనుకోవాలి? షెడ్డులో ఎవరూ ఆ మాట అనరు కూడా. డిస్కు, డ్రమ్ము, ప్యాడ్లు, షూలు, కాలిపర్ అనే అంటారు. అవే రాయండి. పేరు పెట్టే ముందు ఆ భాగం చేసే పని చూడాలి, రూపాన్ని నమ్ముకుంటే ఇలాగే తేడా వస్తుంది.

పని ప్రకారం తేడా ఒక్కటే. డిస్కును బయట నుంచి రెండు వైపులా కాలిపర్‌లో కూర్చున్న ప్యాడ్లు నొక్కుతాయి, డ్రమ్మును లోపలి నుంచి షూలు బయటికి తన్నుతాయి. అంటే రాపిడి పడే ముఖం డిస్కుకు బయటికి కనిపిస్తుంది, డ్రమ్ముకు లోపల దాగి ఉంటుంది. ఫోటోలో వెతకాల్సింది ఆ ముఖాన్నే. డిస్కు మీద ప్యాడ్లు తిరిగిన మేర నున్నగా మెరిసే వెడల్పాటి పట్టీ ఉంటుంది, దాని మీద సన్నటి వలయాల్లా గీతలు కనిపిస్తాయి. డ్రమ్ము బయటి పక్క ఎక్కడా రాపిడి ఉండదు కాబట్టి పోత పోసిన గరుకుతనమే అంతటా ఉండి గోధుమ రంగు తుప్పు పట్టి ఉంటుంది, లేదా రంగు వేసి ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. రాత్రి వర్షంలో నిలబెట్టిన బండికి తెల్లారేసరికి డిస్కు మీద కూడా పల్చటి తుప్పు వచ్చేస్తుంది, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. అందుకని తుప్పు రంగు ఒక్కటే చూసి డ్రమ్ము అనేయకండి, ఆ తుప్పు కింద నున్నటి పట్టీ ఉందా, గరుకు పోత ఉందా అని ఫోటోను పెద్దది చేసి చూడాలి.

మీ ఫోటోను అలాగే చూశాను. నున్నటి పట్టీ లేదు, అంచు చుట్టూ కాలిపర్ కూర్చునే చోటు లేదు. మీరు చెప్పిన రెండు చిన్న రంధ్రాలు మరలు ఉన్నవి, డ్రమ్ము బిగుసుకుపోయి రాకపోతే వాటిలో బోల్టులు బిగించి బయటికి తోస్తారు, కానీ కొన్ని డిస్కులకూ ఇలాంటివి ఉంటాయి కాబట్టి వాటితో తేల్చలేం. తేల్చింది వెనక రేకు. అది డ్రమ్ము అంచుకు చుట్టూతా దాదాపు ఆనుకుని, వెంట్రుకవాసి సందు మాత్రమే వదిలి మూసినట్టు ఉంది. డిస్కు రేకు అయితే అలా మూయదు, కాస్త ఎడంగా నిలబడుతుంది, కాలిపర్ ఉండే చోట కోసేసి ఉంటుంది. పైగా అది పల్చటి రేకు, బరువు మోయదు. డ్రమ్ము వెనక ప్లేటు మందంగా ఉంటుంది, షూలు, స్ప్రింగులు, సిలిండరు అన్నీ దాని మీదే నిలబడాలి. అందుకే డిస్కు వెనకదాన్ని రేకు అని, డ్రమ్ము వెనకదాన్ని ప్లేటు అని రాయమంటాను.

ఇంకో ఆధారం కూడా మీ ఫోటోలోనే ఉంది. బోల్టుల పక్కన పోత అక్షరాల్లో ‘మాక్స్ డయా’ అని, దాని పక్కన 182 అని ఉంది. డ్రమ్ము లోపల అరిగేకొద్దీ వ్యాసం పెరుగుతుంది, ఇంతకు మించి పెరిగితే మార్చేయాలి అని మిల్లీమీటర్లలో హద్దు పెట్టారన్న మాట. డిస్కు అరిగితే మందం తగ్గుతుంది, అందుకని డిస్కు మీద ‘మినిమం థిక్‌నెస్’ అన్న అర్థం వచ్చే గుర్తు ఉంటుంది. ఫోటోలో ఈ అక్షరాలు దొరికితే ఇక అనుమానమే ఉండదు. దొరక్కపోవడం కూడా మామూలే, తుప్పు కింద కనిపించకుండా పోతాయి.

ఇప్పుడు రెండో ఫోటో. నెలవంకల్లా ఉన్నాయి కాబట్టి అవి షూలే, ఆ మాటలో సందేహం లేదు. ప్యాడు చదునైన బిళ్ల, దాని రాపిడి ముఖం వంపు తిరిగి ఉండదు. షూ వీపు మీద అతికించిన రాపిడి పదార్థాన్ని లైనింగ్ అంటారు, షాపుల్లో చాలామంది షూనే లైనర్ అనేస్తారు, మాట్లాడుకోవడానికి అది ఫర్వాలేదు గానీ బొమ్మ కింద మాత్రం విడిగా చూపాలి.

అయితే షూలు కనిపించగానే డ్రమ్ బ్రేకు అనుకోవద్దు. మామూలు డ్రమ్ బ్రేకులో రెండు షూల చివరల మధ్య వీల్ సిలిండర్ ఉంటుంది, వేలంత లావున చిన్న గొట్టం, రెండు కొసలకూ రబ్బరు టోపీలు. పెడల్ నొక్కితే ఆయిల్ ఒత్తిడికి అదే షూలను విడదీస్తుంది. మీ ఫోటోలో ఆ చోట సిలిండరు లేదు, కేబుల్‌కు తగిలించిన చిన్న లివర్ ఉంది. షూలు కూడా సన్నగా ఉన్నాయి. ఒక పక్కన బోల్టు రంధ్రాలతో రెండు చెవులు బయటికి పొడుచుకొచ్చాయి చూడండి, అవి కాలిపర్ బిగించే చోటు. అంటే ఈ చక్రానికి ఉన్నది డిస్కే, మెకానిక్ కాలిపర్‌నూ డిస్కునూ తీసి పక్కన పెట్టాక ఫోటో తీశారు. ఇలాంటి డిస్కు నడుమ భాగం టోపీలా లోతుగా ఉంటుంది, ఆ టోపీ లోపలి గోడకు ఈ చిన్న షూలు ఆనుకుని హ్యాండ్ బ్రేకుగా పనిచేస్తాయి. నడిచే బండిని ఆపేది ప్యాడ్లు, ఆగిన బండిని పట్టి ఉంచేది షూలు. ఒకే చక్రంలో రెండు మాటలూ రావడం తప్పు కాదు.

కాబట్టి మొదటి బొమ్మ కింద ‘వెనక చక్రం బ్రేకు డ్రమ్ము, దాని వెనక బ్యాక్ ప్లేటు’ అని రాయండి. రెండోదానికి ‘డిస్కు తీశాక కనిపించే హ్యాండ్ బ్రేకు షూలు’ అని రాయండి. అదే చక్రానికి డిస్కు ఉన్నప్పుడు పక్క నుంచి తీసిన ఫోటో దొరికితే దాన్నీ పక్కనే వేయండి, డిస్కు మందం, కాలిపర్, దానికి వచ్చే రబ్బరు గొట్టం పక్క నుంచి తీస్తేనే కనిపిస్తాయి, ఎదురుగా తీసిన ఫోటోలో పిల్లలకు ఆ మందం తెలియదు.