నీ హెడ్‌లైన్‌లో 'కి' ఏదమ్మా?

అమ్మా,

నీ మెయిల్ మొన్న రాత్రి చదివాను. కథలు రెండూ బావున్నాయి, రెండోది ఇంకా బావుంది. కానీ ఇవాళ పనులన్నీ పక్కన పెట్టి నీకు రాస్తున్నది కథల కోసం కాదు, మెయిల్ చివర నీ పేరు కింద పెట్టుకున్న ఆ ఒక్క లైన్ చూసి మనసు ఊరుకోక.

"పదాల ప్రేమికురాలు | స్టోరీటెల్లర్ | ఔత్సాహిక రచయిత్రి | కంటెంట్ క్రియేటర్ | నిత్య విద్యార్థిని"

లింక్డ్‌ఇన్‌లో కూడా హెడ్‌లైన్‌గా ఇదే పెట్టానని, ఎనిమిది నెలలైనా పని ఉందంటూ ఒక్కరూ మెసేజ్ పెట్టలేదని రాశావు. ఎలా పెడతారమ్మా? ఐదు ముక్కల్లో ఒక్కదాంట్లోనైనా ఎదుటి మనిషి ఉన్నాడా? ప్రేమించేది నువ్వు, ఉత్సాహం నీది, చదువుకునేది నువ్వు. ఆ లైన్ చదివినవాడికి నీ గురించి నీకేమనిపిస్తుందో తెలుస్తుంది గానీ, వాడికి ఏ అవసరం వస్తే నిన్ను పిలవాలో తెలియదు.

నాకు ఒకటే పట్టుదల, ముప్పై ఏళ్ళుగా ఎవరడిగినా ఇదే చెప్తున్నా. హెడ్‌లైన్‌లో 'కి' ఉండాలి. లేకపోతే 'కు'. చిన్నప్పుడు విభక్తులు బట్టీ పట్టావు కదా, "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి" అని, ఆ మొదటి రెండే. ఎవరికి? ఆ ప్రశ్నకి జవాబు లేని లైన్ ఎంత అందంగా ఉన్నా అది అడ్రస్ రాయని కవరే, లోపల ఉత్తరం ఎంత గొప్పదైనా ఎక్కడికీ చేరదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో విను. నేను మొదట్లో యంత్రాల మాన్యువల్స్ అనువాదం చేసేవాణ్ణి. మోటార్లు, పంపులు, వాటితో పాటు వచ్చే పుస్తకాలు. ఒక పత్రికకి వ్యాసం పంపినప్పుడు చివర రచయిత పరిచయంలో "యంత్రాలు తయారుచేసే కంపెనీలకి మాన్యువల్స్ తెలుగులో రాసిస్తారు" అని నేనే రాసి పంపాను. ఎడిటర్ గారు దాన్ని కొట్టేసి "ప్రముఖ రచయిత, అనువాదకులు" అని వేశారు. ఫోన్ చేసి అడిగితే, మాన్యువల్స్ అని వేస్తే మీకే చిన్నతనం కదండీ అన్నారు. మర్యాద చేశాననే ఆయన అనుకున్నారు. ఆ సంచిక చదివినవాళ్ళలో ఒక్క ఫ్యాక్టరీ మనిషి ఉన్నా, నా అసలు లైన్ చూస్తే ఫోన్ తీసేవాడు, "ప్రముఖ" చూసి ఏ ఫ్యాక్టరీ వాడు ఫోన్ చేస్తాడు? ఆ ఏడాది నాకు పని లేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోదు కూడా. ఇప్పుడు ఆ "ప్రముఖ" స్థానంలోకి "స్టోరీటెల్లర్" వచ్చింది. సబ్బులు అమ్మేవాళ్ళూ స్టోరీటెల్లర్లే, లెక్కలు చూసేవాళ్ళూ స్టోరీటెల్లర్లే, ఇక నిజంగా కథ రాసేవాడు తనని తాను ఏమని చెప్పుకోవాలో నాకర్థం కావట్లేదు.

సరే, నీ విషయానికి వస్తాను. మెయిల్‌లో ఆరో పేరాలో, పెద్ద విషయం కాదన్నట్టు ఒక సంగతి రాశావు. తెలిసిన డెంటల్ క్లినిక్ వాళ్ళు పన్ను తీయించుకున్న పేషెంట్లకి ఇచ్చే సూచనల కాగితం నీతో మళ్ళీ రాయించుకున్నారని, అది ఇవ్వడం మొదలుపెట్టాక రాత్రిళ్ళు "రక్తం ఆగట్లేదు, ఏం చెయ్యాలి" అని వచ్చే ఫోన్లు తగ్గాయని రిసెప్షన్ అమ్మాయి చెప్పిందని. ఆ కాగితం కూడా జత చేశావు. దూదిని అరగంట గట్టిగా కొరికి పట్టుకోమనడం, ఆ రోజు స్ట్రాతో ఏదీ తాగొద్దనడం, ఎందుకు తాగొద్దో కూడా ఒక్క ముక్కలో చెప్పడం, అంటే పీల్చినప్పుడు గాయం మీద గడ్డకట్టిన రక్తం ఊడొస్తుందని. మత్తు ఇంకా దిగని నోటితో, భయంగా ఉన్న మనిషి చదివినా అర్థమవుతుంది. నీ మెయిల్ మొత్తంలో నన్ను కదిలించింది అదే. అలాంటి పని చేసిన అమ్మాయి "పదాల ప్రేమికురాలు" అని పెట్టుకుంటే నాకు కోపం రాదా?

ఇప్పుడు ఆ పని నుంచే లైన్ తీద్దాం, నాతో పాటు రా.

ముందు నీ చేతిలోంచి బయటికి వచ్చిన వస్తువు ఏంటో చెప్పు. కంటెంట్ అనకు, కంటెంట్ అనేది వస్తువు కాదు. బయటికి వచ్చింది ఒక కాగితం, చికిత్స తర్వాత పాటించాల్సిన సూచనలు. ఇక 'ఎవరికి' దగ్గరికి వస్తే చాలామంది బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే అక్కడ ఒకరు కాదు, ఇద్దరున్నారు. కాగితం చదివేది పేషెంటు. నిన్ను పిలిచి రాయించుకుని డబ్బిచ్చేది క్లినిక్. "పేషెంట్లకి సూచనలు రాస్తాను" అని పెట్టావనుకో, క్లినిక్ నడిపే డాక్టరు అది చదివి ఇదేదో పేషెంట్ల కోసం నడిపే పేజీ అనుకుని ముందుకెళ్ళిపోతారు. పేషెంటేమో చదివి బావుందనుకుంటాడు, అంతే, వాడు నీతో ఏమీ రాయించుకోడు. అందుకని 'కి' ఎప్పుడూ నిన్ను పిలిచే మనిషికి తగిలించాలి, చదివేవాడు పని పేరులోకి వెళ్ళాలి. అప్పుడు ఇలా వస్తుంది:

"డెంటల్ క్లినిక్‌లకి పేషెంట్ సూచనలు రాస్తాను"

అంతే. చప్పగా ఉందంటావేమో. ఆ చప్పదనమే నీకు కావాల్సింది, ఎందుకంటే ఇందులో డాక్టరుకి తెలియని మాట ఒక్కటీ లేదు. పైగా లింక్డ్‌ఇన్‌లో వెతికేవాళ్ళకి మనుషులు దొరకడానికి హెడ్‌లైన్‌లోని మాటలు కూడా ఉపయోగపడతాయి. వెతికేవాడు తన అవసరాన్ని తన మాటల్లో కొడతాడు, "పదాల ప్రేమికురాలు" అని కొట్టేవాడు లోకంలో ఎవడూ ఉండడు. నీ పనికి జనం వాడే మామూలు పేరు, రైటర్ అనో మెడికల్ రైటర్ అనో, ఆ లైన్లో ఉంటే ఇంకా మంచిది. "డెంటల్ క్లినిక్‌లకి పేషెంట్ సూచనలు రాసే రైటర్" అను, ఇంగ్లీషులో వెతికే క్లయింట్లు కావాలంటే అదే లైన్ ఇంగ్లీషులో పెట్టు, అక్కడా క్లినిక్ అనే మాట తప్పకుండా ఉండాలి.

పొడుగు గురించి ఒక మాట. లింక్డ్‌ఇన్ 220 అక్షరాల దాకా రాయనిస్తుంది, రాయనిచ్చింది కదా అని నింపక్కర్లేదు. నువ్వు ఎక్కడైనా కామెంట్ పెడితే నీ పేరు కింద హెడ్‌లైన్‌లో మొదటి కొన్ని మాటలే కనిపించి మిగతాది చుక్కలైపోతుంది. ఇంకోటి, అక్షరాల లెక్క మనం పలికే లెక్క కాదు. "స్త్రీ" అంటే మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో మాత్రం అది ఆరు, సకారం, తకారం, రేఫ, మధ్యలో రెండు పొల్లులు, చివర గుడి దీర్ఘం. అందుకే తెలుగులో రాస్తే నువ్వనుకున్నదానికంటే ముందే చోటు అయిపోతుంది. దానికి తోడు మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "ఇరవై రకాల ఆరోగ్య, విద్య, వ్యాపార రంగాల్లోని చిన్న పెద్ద సంస్థలకి..." అని మొదలుపెడితే నువ్వు ఏం చేస్తావన్నది చుక్కల్లో కొట్టుకుపోతుంది. నేను రాసిచ్చిన లైన్ 50 లోపే ఉంది, ఎక్కడ కోసినా 'డెంటల్ క్లినిక్‌లకి' అన్నది మిగులుతుంది.

నీకు వచ్చే భయం నాకు తెలుసు, నాకూ వచ్చింది. ఒక్క క్లినిక్‌కే రాశాను, ఇలా పెడితే మిగతా పనులు రావేమో, అబద్ధమవుతుందేమో అని. అబద్ధం కాదు, ఎన్ని చేశావో నువ్వు చెప్పట్లేదు, ఏం చేస్తావో చెప్తున్నావు. "వందల క్లినిక్‌ల నమ్మకం" అని పెడితే అప్పుడు అబద్ధం. ఇక మిగతా పనుల సంగతంటావా, ఆ పత్రిక గొడవ తర్వాత నేను కార్డు మీద "పంపులు, మోటార్లు చేసే కంపెనీలకి తెలుగు మాన్యువల్స్" అని కొట్టించుకున్నాను. ఆ కార్డు చూసి వచ్చిన రెండో పని పంపులది కాదు, కుట్టుమిషన్లది. "పంపులకి రాసినవారు దీనికి రాయలేరా" అని వాళ్ళే అడిగారు. సన్నగా చెప్తే మనిషి తన అవసరాన్ని పక్కన పెట్టుకుని పోల్చుకోగలడు. అన్నీ చేస్తానంటే దేనితో పోల్చుకోవాలి?

ఒక్క సందర్భంలో మాత్రం నా మాట మార్చుకుంటాను. క్లయింట్ల కోసం కాకుండా ఉద్యోగం కోసం చూస్తుంటే, ముందు ఆ ఉద్యోగం పేరు ప్రకటనల్లో ఎలా రాస్తారో అలాగే పెట్టి, ఆ తర్వాత 'ఎవరికి' పెట్టు. నువ్వు ఏది వెతుకుతున్నావో రాయలేదు, క్లయింట్లే అనుకుని చెప్తున్నా. "ఔత్సాహిక" మాత్రం రెండు చోట్లా తీసెయ్. పని చేసి ఇచ్చి డబ్బు తీసుకున్నాక ఇంకా ఔత్సాహిక ఏంటి?

"వ్యాపారాలు ఎదగడానికి సహాయపడతాను" అనే మూసలోకి కూడా పోకు, నీ స్నేహితురాలు సలహా ఇచ్చిందన్నావు. అందులో 'కి' ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ 'వ్యాపారాలు' అనే పేరుతో ఎవరూ లేరు, 'సహాయం' అనే వస్తువూ లేదు.

లైన్ మార్చాక నీ పని గురించి బొత్తిగా తెలియని ఒకరికి ఐదు సెకన్లు చూపించి ఫోన్ పక్కన పెట్టెయ్. బావుందా అని అడగకు, అందరూ బావుందనే అంటారు. "నీకు తెలిసినవాళ్ళలో ఎవరిని నా దగ్గరికి పంపుతావు?" అని అడుగు. మా పళ్ళ డాక్టరుని అంటే లైన్ పనిచేసినట్టు. ఆలోచిస్తూ ఉండిపోతే, లేదా "రైటర్ కావాల్సిన వాళ్ళెవరైనా" అంటే, మళ్ళీ రాయి.

ఆ లైన్ చూసి వచ్చే మొదటి డాక్టరు అడిగేది శాంపిల్. కాబట్టి నీ కాగితంలో ఒకటి ఇప్పుడే సరిచెయ్. నాలుగో లైన్లో "24 గంటలు పుక్కిలించవద్దు" అని ఉంది, ఏడో లైన్లో "గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించండి" అని ఉంది. రెండూ నిజమే, కానీ మధ్యలో రెండు లైన్లున్నాయి, నొప్పిలో ఉన్న మనిషికి ఏడోదే గుర్తుంటుంది. ఏడో లైన్‌కి ముందు "మర్నాటి నుంచి" చేర్చి, దాన్ని నాలుగో లైన్ పక్కకి తెచ్చి పెట్టు. డాక్టరుకి చూపించి ఆయన సరేనన్నాక పంపించు, చూస్తాను.