పెద్దవాణ్ణి అబద్ధం చెప్పి తీసుకెళ్లి గదిలో పెడితే ఏ కేసు అవుతుంది?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర. మా బావకి 23 ఏళ్లు, చిట్టీ డబ్బులు బాకీ ఉన్నాడు. చిట్టీ ఆయన వచ్చి "మీ నాన్నని విజయనగరం ఆస్పత్రిలో చేర్చారు, రా" అని అబద్ధం చెప్పి బండెక్కించి, దాసన్నపేటలో ఒక గదిలో సాయంత్రం నుంచి పొద్దున్న దాకా కూర్చోబెట్టాడు. డబ్బులిస్తేనే వదిలాడు. స్టేషన్లో అడిగితే "పెద్దోడు కదా, కిడ్నాప్ ఏటి" అంటన్నారు. మరి ఏ కేసవుద్ది?

జవాబు:

కిడ్నాప్ కాదన్నంత వరకు వాళ్లు చెప్పింది సరైనదే. కేసే లేదని మాత్రం కాదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కిడ్నాప్ 137వ సెక్షన్. దేశం దాటించే రకాన్ని పక్కన పెడితే, అది సంరక్షకుడి చేతిలోంచి మనిషిని తీసుకుపోవడం. అందుకే 18 నిండని పిల్లలకీ, మతిస్థిమితం లేనివాళ్లకీ మాత్రమే వర్తిస్తుంది. ఇక్కడ పిల్లాడి ఇష్టం లెక్కలోకి రాదు. మీ బావకి 17 ఏళ్లే అయ్యుంటే, అబద్ధమూ బలవంతమూ లేకుండా "సినిమాకి పోదాం రా" అని అతను సంతోషంగా బండెక్కినా, ఇంట్లోవాళ్ల అనుమతి లేకపోతే కిడ్నాప్ కేసు పెట్టొచ్చు. అయితే తీసుకెళ్లడంలోగానీ ఆశపెట్టి రప్పించడంలోగానీ నిందితుడి చెయ్యి ఉండాలి. మైనరే తనంతట తాను ఇల్లు వదిలి వస్తే, వెంట ఉన్నంత మాత్రాన అది తీసుకెళ్లడం కాదని సుప్రీంకోర్టు వరదరాజన్ కేసులో చెప్పింది. ప్రేమ వ్యవహారాల కేసులు చాలా వరకు ఈ పాయింటు మీదే నిలబడతాయి, పడిపోతాయి.

మీ బావ విషయంలో చూడాల్సింది 138, అంటే అబ్‌డక్షన్. దీనికి వయసుతో పని లేదు. బలవంతం చేసిగానీ మోసగించిగానీ మనిషిని ఉన్నచోటు నుంచి కదిలిస్తే చాలు. ఆస్పత్రి అబద్ధం మోసమే. "బాకీ సంగతి మాట్లాడుకుందాం రా" అని నిజంగా అందుకే తీసుకెళ్లి, అక్కడ మాట పెరిగి ఆపేసి ఉంటే, కదిలించేటప్పుడు మోసం లేదు గనక 138 బలహీనపడేది.

చిక్కేమిటంటే 138కి విడిగా శిక్ష లేదు. ఏ ఉద్దేశంతో తీసుకెళ్లారో చూపించాలి. రహస్యంగా బంధించడానికైతే 140(3), ఏడేళ్ల దాకా జైలు. అందుకే ఇంటికి ఫోన్ చేసినప్పుడు గది ఎక్కడుందో చెప్పారా, దాచారా అన్నది ముఖ్యం. ఇక 140(2) డబ్బు కోసం పట్టుకోవడం. యావజ్జీవం లేదా మరణశిక్ష పడే సెక్షన్. కోపంలో అందరూ దీన్నే రాయమంటారు. కానీ డబ్బు అడిగితే సరిపోదు. చంపుతామనో కొడతామనో బెదిరింపు ఉండాలి, లేదా అలా చేస్తారని భయం పుట్టేలా ప్రవర్తించి ఉండాలి. పాత చట్టంలో దీనికి సమానమైన 364ఎ మీద సుప్రీంకోర్టు 2021లో షేక్ అహ్మద్ కేసులో ఇదే చెప్పింది. అందులో ఆటోడ్రైవరు స్కూలు పిల్లాణ్ణి ఎత్తుకెళ్లి రెండు లక్షలు అడిగాడు. బెదిరింపు రుజువు కాక ఆ సెక్షన్ కింద శిక్ష రద్దయింది, మామూలు కిడ్నాప్ శిక్షే మిగిలింది.

మీకు అన్నిటికంటే గట్టిగా నిలిచేది 127, అక్రమ నిర్బంధం. గదికి తాళం వేసి ఉండనక్కర్లేదు. గుమ్మం దగ్గర ఇద్దరు కూర్చుని లేచినప్పుడల్లా ఆపినా నిర్బంధమే. అన్ని వైపులా దారి మూసెయ్యాలి. ఒక్క వైపే అడ్డుపడి మరో వైపు పోనిస్తే అది 126, అంటే ఆటంకం, చిన్న కేసు. కనీసం ఇంతసేపు ఉంచాలన్న నియమం లేదు. మామూలు నిర్బంధానికి ఏడాది, మూడు రోజులు, ఆపైన అయితే మూడేళ్లు, పది రోజులు, ఆపైన అయితే అయిదేళ్ల దాకా. బాకీ కట్టించడానికే నిర్బంధిస్తే 127(8) వస్తుంది, ఒక్క రాత్రికైనా మూడేళ్ల దాకా జైలు. బాకీ నిజమైనదే అయినా చిట్టీ ఆయనకి అది రక్షణ కాదు. వసూలుకి సివిల్ కోర్టు ఉంది.

ఫిర్యాదులో "కిడ్నాప్ చేశారు" అని రాసి వదిలెయ్యకండి. ఆస్పత్రి మాట ఎవరు, ఎన్ని గంటలకి, ఏ మాటల్లో చెప్పారో రాయండి. మీ మావయ్య ఆ రోజు ఎక్కడున్నారో రాయండి, అబద్ధం తేలేది దానితోనే. మీ బావ "నేను ఎల్లిపోతాను" అన్నది ఎప్పుడు, ఎవరు ఎలా ఆపారు, ఫోను ఎవరు లాక్కున్నారు అన్నవి విడివిడిగా రాయండి. వెళ్తానని ఒక్కసారీ అనలేదంటే, "తనే కూర్చున్నాడు" అని అవతలి లాయరు పట్టుకుంటాడు. కాల్ లిస్టు, డబ్బు ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాటు జతచెయ్యండి.

చీపురుపల్లిలో ఇచ్చినా విజయనగరంలో ఇచ్చినా చెల్లుతుంది. తీసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్లొచ్చు. మనిషి ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంటే మాత్రం పోస్టు కోసం ఆగకండి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 100వ సెక్షన్ కింద ఆర్డీవోని సెర్చ్ వారెంటు అడగొచ్చు. వారెంటుతో పోలీసులు ఆ గది వెతికి, మనిషి దొరికితే వెంటనే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.