ట్రైనీ 15,100, అప్రెంటిస్ 9,000: చేతికొచ్చే తేడా ఎంత?

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ ఈ ఏడాదే అయింది. ఒక కంపెనీ నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం కింద అప్రెంటిస్‌గా నెలకు 9,000 స్టైపెండ్ ఇస్తానంటోంది. ఇంకో కంపెనీ ట్రైనీగా తీసుకుంటుందట, సీటీసీ నెలకు 15,100. ఆరు వేల తేడా ఉన్నప్పుడు ఆలోచించేదేముంది అని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: చేతికి వచ్చేసరికి ఆ ఆరు వేలు రెండున్నర వేల లోపే అవుతాయి. ఎలాగో చూడండి.

15,100 సీటీసీలో కంపెనీ మీ తరఫున కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా కలిపి ఉంటాయి. అవి తీసేస్తే జీతం సుమారు 13,000. అందులోంచి మీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,560, ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 98 రూపాయలు పోతాయి. మిగిలేది 11,342. (మొత్తం జీతం మీద పీఎఫ్ కడతారనుకుని వేసిన లెక్క ఇది. ఆఫర్ లెటర్‌లో విడివిడిగా ఎలా చూపించారో అడగండి.) అటు అప్రెంటిస్ స్టైపెండ్‌లో పీఎఫ్, ఈఎస్ఐ కోతలు ఉండవు. 9,000 అంటే 9,000 చేతికొస్తుంది. అలాగని పీఎఫ్‌కు పోయింది పోయినట్టు కాదు, అది మీ పేరు మీద జమయ్యే డబ్బే. ఈఎస్ఐ ఉంటే వైద్యం ఖర్చుకు ఒక ఆధారం. అప్రెంటిస్‌కు ఈ రెండూ లేవు. పనిలో గాయమైతే నష్టపరిహారం మాత్రం చట్టం ప్రకారం కంపెనీ ఇవ్వాల్సిందే.

లెక్కలో కనపడని ఇంకో ముక్క ఓవర్‌టైమ్. ట్రైనీని ఫ్యాక్టరీలో కార్మికుడిగా వాడుకుంటే అదనపు గంటలకు రెట్టింపు రేటు కట్టాలి. 13,000 మీద గంటకు సుమారు 125 రూపాయలు పడుతుంది. నెలకు 20 గంటలు చేస్తే 2,500. అప్రెంటిస్‌తోనైతే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. డబ్బు కావాలనుకునేవాడికి అది నష్టం, నేర్చుకుందామని వెళ్లినవాడికి రక్షణ.

నేను దెబ్బ తిన్నది వేరే చోట. డిప్లొమా అయ్యాక ఒక విడిభాగాల కంపెనీలో "అప్రెంటిస్ ట్రైనీ" అనే హోదాతో చేరాను. నెలకు 8,500, పీఎఫ్ లేదు. అడిగితే "అప్రెంటిస్‌లకు పీఎఫ్ ఉండదు బాబూ" అన్నారు. మాట నిజమే కదా అని ఊరుకున్నాను. ప్రెస్ షాపులో మూడు షిఫ్టులూ తిప్పారు, ఓవర్‌టైమ్ సింగిల్ రేటుకే. ఏడో నెలలో నాట్స్ పోర్టల్‌లో వెతికితే నా పేరు మీద కాంట్రాక్టే లేదు! అంటే 1961 అప్రెంటిస్ చట్టం కింద నేను అప్రెంటిస్‌నే కాదు. పేరు ఏదైనా మామూలు పనివాడినే. కనీస వేతనం, పీఎఫ్, రెట్టింపు ఓవర్‌టైమ్ అడిగే హక్కు నాకుందని అప్పటికిగానీ తెలియలేదు. మానేసి, ఇంకోచోట నిజంగా రిజిస్టర్ అయిన అప్రెంటిస్‌గా చేరాను. చేతికొచ్చేది తగ్గింది గానీ, ఏడాది చివర ప్రభుత్వ సర్టిఫికెట్ వచ్చింది. మొదటి కంపెనీ ఇచ్చిన అనుభవ పత్రం ఎవరూ పట్టించుకోలేదు, అది వేరే సంగతి.

కాబట్టి మీ 9,000 ఆఫర్‌లో చూడాల్సింది అంకె కాదు, కాంట్రాక్టు. మీరు పోర్టల్‌లో సొంతంగా నమోదై ఉండాలి, కంపెనీ కాంట్రాక్టు తయారుచేయాలి, మీరు దాన్ని అంగీకరించాలి, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ నంబర్ రావాలి. చేరి వారాలు గడిచినా నంబర్ చూపించకపోతే నా కథే మళ్లీ మొదలైనట్టు.

కనీస స్టైపెండ్ కూడా సరిచూసుకోండి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం డిప్లొమా వాళ్లకు నెలకు 8,000, డిగ్రీ వాళ్లకు 9,000. దీన్ని 36 శాతం పెంచమని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది. మీరు చేరే రోజుకు అమల్లో ఉన్న కనీసం ఎంతో చూసి, దానికి తగ్గకుండా ఉందో లేదో పోల్చండి. క్యాజువల్ లీవుకు, మెడికల్ లీవుకు స్టైపెండ్ కోయకూడదని కూడా ఆ నిబంధనల్లో ఉంది.

మొదటి నెల ఒక టెన్షన్ వస్తుంది, ముందే చెబుతున్నా. నాట్స్‌లో కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వానిది. 8,000 కనీసం అనుకుంటే అందులో 4,000. అది కంపెనీ ద్వారా కాకుండా నేరుగా మీ ఆధార్ లింకైన ఖాతాలో పడే పద్ధతి వచ్చింది. అందుకని కంపెనీ నుంచి 5,000 మాత్రమే వచ్చిందని కంగారు పడకండి. మిగతా 4,000 ఆలస్యంగా రావచ్చు. బ్యాంకుకు వెళ్లి ఖాతాకు ఆధార్ సీడింగ్ అయిందో లేదో చేరకముందే చూసుకోండి.

ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాలనే నిర్బంధం అప్రెంటిస్ చట్టంలో లేదు. ట్రైనీకి కూడా లెటర్‌లో రాస్తేనే. మీ ట్రైనీ లెటర్‌లో "శిక్షణ పూర్తయ్యాక ఖాయం" అనే వాక్యం, దాని పక్కన గడువు రెండూ రాసి ఉంటే నేనైతే అటే వెళ్తాను. లేకపోతే, ఇంట్లో నెలకు రెండు వేల తేడా తట్టుకోగలిగితే, రిజిస్టర్ అయిన అప్రెంటిస్‌షిప్ వైపు.